వ్యాపారం సున్నా ఉన్న దేశాల జంటలను ఏం చేయాలి? గ్రావిటీ మోడల్‌కు లాగ్ రిగ్రెషనా, పీపీఎంఎల్‌నా?

గ్రావిటీ మోడల్ చెప్పేది చాలా మామూలు సంగతి. రెండు దేశాల ఆర్థిక వ్యవస్థలు ఎంత పెద్దవైతే వాటి మధ్య వ్యాపారం అంత ఎక్కువగా ఉంటుంది, మధ్యలో దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. 1962లో టిన్‌బెర్గెన్ దీన్ని అంచనా వేసినప్పటి నుంచి అలవాటు ఒకటే: రెండు వైపులా లాగ్ తీసుకోవడం, గుణకారాలన్నీ కూడికలయ్యాక ఓఎల్ఎస్ నడపడం. దూరం ముందు వచ్చిన గుణకమే ఎలాస్టిసిటీ.

చిక్కల్లా సున్నాకు లాగ్ లేకపోవడమే. ప్రపంచంలోని దేశాలన్నిటినీ జంటలుగా పేర్చి ఒక ఏడాది వ్యాపారం చూస్తే, చాలా జంటల మధ్య ఏమీ ఉండదు. సరుకుల వారీగా విడదీస్తే ఇది మరీ ఎక్కువ. గుంటూరు నుంచి వెళ్లే ఎండు మిర్చి HS కోడ్ 090421 కింద వస్తుంది. ఆ ఒక్క కోడ్‌కు ప్రపంచ పట్టిక వేసి చూడండి, గడుల్లో అత్యధికం ఖాళీగానే ఉంటాయి. మిర్చి పండించని దేశాలు చాలావరకు ఎగుమతి చేయవు, తినని దేశాలు చాలావరకు కొనవు.

ఇక్కడ పరిశోధక విద్యార్థి ముందు నాలుగైదు దారులుంటాయి. సున్నాలను తీసేసి లాగ్ వేయొచ్చు, వ్యాపారానికి 1 కలిపి లాగ్ వేయొచ్చు, టోబిట్ లేదా హెక్‌మన్ తరహా రెండంచెల పద్ధతి పట్టుకోవచ్చు, లేదంటే లాగ్ జోలికే పోకుండా పీపీఎంఎల్, అంటే పాయిజాన్ సూడో మాగ్జిమమ్ లైక్లీహుడ్ నడపొచ్చు. వ్యాపారం ఎంత అన్నది మీ ప్రశ్న అయితే నా సిఫారసు పీపీఎంఎల్‌కే. కాకపోతే అందరూ చెప్పే కారణం వేరు, నేను చెప్పే కారణం వేరు. సున్నాలను మింగగలగడం దానికి అదనపు సుగుణం మాత్రమే. అసలు బలం ఇంకోచోట ఉంది, సున్నాలు ఒక్కటీ లేని డేటాలో కూడా అది అక్కరకొస్తుంది.

ముందు ఆ సున్నా నిజమైనదేనా?

పద్ధతి ఎంచుకునే ముందు డేటా సంగతి తేల్చుకోవాలి. ఐక్యరాజ్యసమితి వారి వ్యాపార డేటాబేస్ కామ్‌ట్రేడ్‌లో గానీ, దాని మీద ఆధారపడి తయారయ్యే బాసీ డేటాలో గానీ సున్నా అని రాసిన వరుసలు కనిపించవు. వ్యాపారం జరిగిన జంటలకే వరుసలుంటాయి. సున్నాలను మనమే నింపుకోవాలి: దేశాలన్నిటినీ జంటలుగా పేర్చి, వరుస లేనిచోట 0 పెట్టాలి.

జాగ్రత్త పడాల్సింది ఈ నింపే దగ్గరే. ఒక దేశం ఆ ఏడాది లెక్కలే పంపకపోతే దాని గడులన్నీ ఖాళీగా ఉంటాయి. వాటిని సున్నా అనుకోవడం పొరపాటు, అవి తెలియని విలువలు. అందుకని నేను పాటించే నియమం ఒకటే: ఆ ఏడాది ఆ దేశం కనీసం ఒక్క భాగస్వామితోనైనా వ్యాపారం నమోదు చేసి ఉంటేనే మిగతా ఖాళీలకు 0 పెడతాను. లేకపోతే అవతలి దేశం పంపిన లెక్క చూస్తాను. అదీ లేకపోతే వదిలేస్తాను. దిగుమతుల మీద సుంకం వసూలవుతుంది కాబట్టి కస్టమ్స్ వాళ్లు వాటిని శ్రద్ధగా రాసుకుంటారు. అందుకే రెండు లెక్కలూ ఉన్నప్పుడు దిగుమతి దేశం లెక్కనే ఎక్కువమంది నమ్ముతారు. ఈ పని సరిగ్గా చేయకపోతే ఏ పద్ధతీ ఆదుకోదు. యుద్ధంలో ఉండి లెక్కలు పంపని దేశం, ఎవరితోనూ వ్యాపారం చేయని దేశంగా మారిపోతుంది.

నాలుగు జంటలతో చేతి లెక్క

సాఫ్ట్‌వేర్ తెరవకుండానే ఈ పద్ధతుల మధ్య తేడా చూడొచ్చు. నాలుగు జంటలు ఊహించుకోండి. రెండు దగ్గరి జంటలు, వాటి వ్యాపారం 100, 400 మిలియన్ డాలర్లు. రెండు దూరపు జంటలు, వాటి వ్యాపారం 0, 50. మోడల్‌లో ఒక్కటే డమ్మీ, దూరమైతే 1. దగ్గరి జంటల సగటు 250, దూరపు వాటి సగటు 25. అంటే దూరం వల్ల సగటు వ్యాపారం పదో వంతుకు పడిపోయింది. ఇప్పుడు ఒక్కో పద్ధతి ఏమంటుందో చూడండి.

| పద్ధతి | డమ్మీ గుణకం | దగ్గరి వ్యాపారంలో దూరపుది ఎంత శాతం |
|---|---|---|
| సున్నా తీసేసి లాగ్ | −1.39 | 25 |
| log(1+T), మిలియన్ డాలర్లలో | −3.34 | 3.5 |
| log(1+T), వేల డాలర్లలో | −6.80 | 0.11 |
| log(1+T), డాలర్లలో | −10.25 | 0.0035 |
| పీపీఎంఎల్, ఏ యూనిట్‌లోనైనా | −2.30 | 10 |

1 కలిపే పద్ధతి వరుసలు మూడూ ఒకే డేటా. మారింది యూనిట్ ఒక్కటే. మిలియన్ల నుంచి వేలకు దిగగానే 50 కాస్తా 50,000 అవుతుంది, కానీ సున్నా సున్నాగానే ఉంటుంది. సున్నాకూ 50కీ మధ్య లాగ్‌లో ఎడం అమాంతం పెరుగుతుంది, గుణకం దాని వెంట పరుగెడుతుంది. కలిపేది 1 కాకుండా 0.01 అయినా, ఇన్వర్స్ హైపర్బోలిక్ సైన్ అనే కాస్త నాగరికమైన రూపమైనా ఇదే జబ్బు. ఇవాళ ఈ పద్ధతి వాడటానికి సమర్థన ఏదీ నాకు కనిపించదు. థీసిస్‌లో ఇది కనిపిస్తే పరీక్షకుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘యూనిట్ మార్చి చూశారా’ అనే.

సున్నా తీసేసే పద్ధతిలో తప్పు ఇంత రచ్చగా బయటపడదు. దూరం వల్ల ఒక జంట వ్యాపారమే మానుకుంది. ఆ జంటను పట్టికలోంచి తీసేశాక మిగిలింది దూరాన్ని తట్టుకుని నిలబడిన జంటే. అందుకే దూరం ప్రభావం ఉన్నదానికన్నా తక్కువగా, వ్యాపారం నాలుగో వంతుకు మాత్రమే పడిపోయినట్టు కనిపించింది.

పీపీఎంఎల్ ఈ చిన్న పట్టికలో చేసింది రెండు సగటుల నిష్పత్తి తీయడమే. 25ని 250తో భాగిస్తే 0.1, దాని సహజ లాగ్ −2.30. సున్నా కూడా సగటులోకి మిగతా అంకెల్లాగే వెళ్లింది.

సున్నాలు లేకపోయినా లాగ్ ఎందుకు తప్పుతుంది

ఇప్పుడు సున్నాను తీసేసి అంకెలు మారుద్దాం. దగ్గరి జంటలు 240, 260. దూరపు జంటలు 1, 49. సగటులు మళ్లీ 250, 25. దూరం ప్రభావం అదే పదో వంతు, పీపీఎంఎల్ జవాబు అదే −2.30. కానీ లాగ్ తీసి ఓఎల్ఎస్ నడిపితే అది పోల్చేది మామూలు సగటులను కాదు, గుణ మధ్యమాలను. 240, 260ల గుణ మధ్యమం దాదాపు 249.8. 1, 49లది 7. గుణకం −3.57, అంటే వ్యాపారం 2.8 శాతానికి పడిపోయిందని అర్థం.

దూరపు జంటల సగటు మారలేదు. వాటి అంకెలు ఒకదానికొకటి దూరంగా చెదిరి ఉన్నాయి, అంతే. చెదురు ఎక్కువైనచోట గుణ మధ్యమం సగటు కన్నా బాగా కిందికి జారుతుంది. ఆ జారుడును ఓఎల్ఎస్ దూరం ఖాతాలో వేసేసింది. వ్యాపార డేటాలో ఈ చెదురు దూరంతో, దేశాల పరిమాణంతో మారుతూనే ఉంటుంది. హెటెరోస్కెడాస్టిసిటీ అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నది ఇదే. రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లు వేస్తే సరిపోతుందని అక్కడ నేర్పుతారు. లాగ్ వేసిన మోడల్‌లో అది సరిపోదు, ఎందుకంటే ఇక్కడ చెడింది స్టాండర్డ్ ఎర్రర్ మాత్రమే కాదు, గుణకమే చెడింది.

ఆర్థికవేత్తలు సాంతోస్ సిల్వా, టెన్రేరో 2006లో రాసిన పేపర్‌లో చూపించింది ఈ సంగతే. వాళ్ల డేటా 1990వ సంవత్సరానిది. 136 దేశాలు, 18,360 జంటలు, అందులో వ్యాపారం ఉన్నవి 9,613. అంటే దాదాపు సగం సున్నాలే. వ్యాపారం ఉన్న జంటల మీద లాగ్ వేసి ఓఎల్ఎస్ నడిపితే దూరం ఎలాస్టిసిటీ సుమారు −1.17 వచ్చింది. పీపీఎంఎల్‌లో సుమారు −0.78. దూరం రెట్టింపైతే వ్యాపారం 56 శాతం పడిపోతుందని మొదటిది అంటుంది, 42 శాతమని రెండోది. పాత వలసపాలన సంబంధం ఉంటే వ్యాపారం ఎంత పెరుగుతుందన్న గుణకం ఓఎల్ఎస్‌లో దాదాపు 0.4. అంటే అటూ ఇటూగా ఒకటిన్నర రెట్లు. పీపీఎంఎల్‌లో అది సున్నా పక్కకు చేరి, గణాంకపరంగా విలువ లేకుండా పోయింది.

వాళ్ల ఫలితాల పట్టికలో చాలామంది దాటేసి వెళ్లే భాగం ఒకటుంది. సున్నాలన్నీ తీసేసి, ఆ 9,613 జంటల మీదే పీపీఎంఎల్ నడిపినా దూరం గుణకం దాదాపు −0.78 దగ్గరే నిలిచింది. సున్నాలు చేర్చినందువల్ల పెద్దగా మారలేదు. లాగ్ వదిలేసినందువల్లే మారింది. ‘నా డేటాలో సున్నాలు రెండు శాతమే, పీపీఎంఎల్ నాకెందుకు’ అనే వాళ్లకు ఇదే జవాబు.

మోడల్ రూపం సరిగ్గా ఉందో లేదో చూసే రీసెట్ పరీక్షలో కూడా ఆ డేటా మీద లాగ్ ఓఎల్ఎస్ తప్పింది, పీపీఎంఎల్ నెగ్గింది. ఈ పరీక్ష చేయడం సులభం. మోడల్ అంచనా వేసిన సూచిక విలువ వర్గాన్ని కొత్త చరంగా చేర్చి మళ్లీ నడపండి. దాని గుణకం సున్నాకు గణనీయంగా దూరంగా ఉంటే మోడల్ రూపం అనుమానించాలి.

‘పాయిజాన్ అంటే లెక్కపెట్టే అంకెలకు కదా?’

ఈ అభ్యంతరం ప్రతి సెమినార్‌లోనూ వస్తుంది. వ్యాపారం 37.6 మిలియన్లు కావచ్చు, పాయిజాన్ విభాజనమేమో పూర్ణాంకాలది. పైగా అందులో విస్తృతి సగటుతో సమానం కావాలి, వ్యాపార డేటాలో అది ఎక్కడా కుదరదు. రెండూ నిజమే, రెండూ ఇక్కడ అడ్డం కావు. పేరులో ‘సూడో’ ఉన్నది అందుకే. సగటును exp రూపంలో సరిగ్గా రాసుకుంటే చాలు, డేటా పాయిజాన్‌ది కాకపోయినా గుణకాలు సరైన విలువ వైపే చేరతాయని గురియెరో, మోన్ఫోర్, త్రోన్యోన్ 1984లోనే నిరూపించారు. విస్తృతి మీద పెట్టుకున్న ఊహ తప్పయితే దెబ్బ తినేది స్టాండర్డ్ ఎర్రర్, దానికి రోబస్ట్ లేదా క్లస్టర్ లెక్క వేసుకుంటాం.

ఓవర్‌డిస్పర్షన్ ఉంది కాబట్టి నెగటివ్ బైనోమియల్‌కు మారమని కొందరు సలహా ఇస్తారు. వ్యాపార డేటాకు ఇది మంచి సలహా కాదు. నెగటివ్ బైనోమియల్ గుణకాలు యూనిట్ మీద ఆధారపడతాయి. డాలర్లలో ఒకటి, మిలియన్లలో ఇంకొకటి వస్తాయి. 1 కలిపి లాగ్ వేయడం ఎందుకు వద్దన్నామో, దీన్నీ అందుకే వద్దంటాం.

మరి పీపీఎంఎల్ ఎప్పుడు సరిపోదు?

మీ ప్రశ్న ‘ఏ జంట వ్యాపారం మొదలుపెడుతుంది’ అన్నదైతే పీపీఎంఎల్ జవాబు చెప్పదు. అది ప్రతి జంటకూ సున్నా కన్నా పెద్దదైన సగటునే ఇస్తుంది. ఎవరు తలుపు తీస్తారు, తీశాక ఎంత పంపుతారు అన్న రెండింటినీ విడదీయాలంటే హెల్ప్‌మన్, మెలిట్జ్, రూబిన్‌స్టైన్ 2008లో ఇచ్చిన రెండంచెల పద్ధతి వైపు చూడాలి. మొదటి అంచెలో ప్రోబిట్, రెండో అంచెలో వ్యాపార పరిమాణం. ఎగుమతి చేయగల సంస్థలు ఎన్ని అన్నది కూడా అందులో లెక్కకొస్తుంది.

దానికి కట్టాల్సిన మూల్యం పెద్దది. వ్యాపారం మొదలవుతుందా లేదా అన్నదాన్ని ప్రభావితం చేస్తూ, ఎంత అన్నదాన్ని ప్రభావితం చేయని చరం ఒకటి కావాలి. వాళ్లు కొత్త వ్యాపారం పెట్టడానికయ్యే అనుమతుల ఖర్చును, ఉమ్మడి మతాన్ని వాడారు. మీ డేటాలో అలాంటి చరం దొరికిందని చదివేవాళ్లను ఒప్పించడం కష్టం. పైగా రెండో అంచె మళ్లీ లాగ్ ప్రపంచంలోనిదే, చెదురు అన్నిచోట్లా ఒకేలా ఉంటుందన్న ఊహ మీద నిలబడింది. ఇందాకటి 240, 260, 1, 49 కథ అక్కడా వెంటాడుతుంది. టోబిట్‌కూ ఇదే బాధ, దానికి తోడు వ్యాపారం ఏదో గీత కింద ఉండి కనిపించకుండా పోయిందన్న ఊహ చాలా జంటలకు అతకదు.

గామా పీఎంఎల్ మాత్రం పక్కన పెట్టుకోదగ్గ పద్ధతి. ఇదీ సున్నాలను తీసుకుంటుంది, సగటునే అంచనా వేస్తుంది. తేడా బరువుల్లో ఉంది. పీపీఎంఎల్ డాలర్ల తేడాను చూస్తుంది, కాబట్టి అమెరికా-చైనా వంటి భారీ జంటల మాట ఎక్కువగా వింటుంది. గామా శాతాల తేడాను చూస్తుంది, చిన్న జంటలకూ సమాన గొంతు ఇస్తుంది. నేను ఓఎల్ఎస్, పీపీఎంఎల్, గామా మూడూ నడిపి పక్కపక్కన పెట్టుకుంటాను. పీపీఎంఎల్, గామా దగ్గరగా ఉండి ఓఎల్ఎస్ దూరంగా ఉంటే తప్పు లాగ్‌ది. గామా, ఓఎల్ఎస్ కలిసి ఉండి పీపీఎంఎల్ ఒక్కటే విడిగా ఉంటే కథ వేరు. పెద్ద జంటల్లో దూరం ప్రభావం చిన్న జంటల్లో ఉన్నట్టు లేదేమోనని అనుమానించాలి. అప్పుడు పద్ధతి మార్చడం కన్నా, దూరం గుణకం అందరికీ ఒకటే అన్న ఊహను సడలించడం మేలు.

నడిపేటప్పుడు

దేశాల ఆదాయాల చరాలకు బదులు ఎగుమతి దేశానికి, దిగుమతి దేశానికి ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టడం ఇప్పటి పద్ధతి. మిగతా ప్రపంచంతో పోలిస్తే ఒక దేశం ఎంత ఒంటరిగా ఉందన్నది అందులో ఇమిడిపోతుంది. సాంతోస్ సిల్వా, టెన్రేరోల 1990 డేటా మీదే ఇలా చేస్తే ఓఎల్ఎస్ దూరం గుణకం సుమారు −1.35కు పెరిగింది, పీపీఎంఎల్ −0.75 దగ్గరే ఉంది. ఆర్‌లో ఇలా:

```r
library(fixest)
m <- fepois(trade ~ log(dist) + contig + comlang_off |
              exporter + importer,
            data = d, vcov = ~ exporter + importer)
```

స్టేటాలో ఇలా:

```stata
ppmlhdfe trade ln_dist contig comlang_off, ///
    absorb(exporter importer) vce(cluster exporter importer)
```

ఎడమవైపు `trade` మామూలు అంకె, దానికి లాగ్ వేయకూడదు. కుడివైపు దూరానికి మాత్రం లాగ్. పాత ఓఎల్ఎస్ కోడ్‌ను కాపీ చేసుకుని కమాండ్ పేరు ఒక్కటే మార్చేవాళ్లు `ln_trade`ను అలాగే వదిలేస్తుంటారు. దూరం గుణకం −0.8కు బదులు −0.1 లాంటి పలచటి అంకె వస్తే మొదట చూడాల్సింది ఇదే.

ఇంకో మంచి పరీక్ష ఉంది, దీనికి ఖర్చేమీ లేదు. రెండు వైపులా ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టి పీపీఎంఎల్ నడిపితే, ఒక్కో ఎగుమతి దేశానికి మోడల్ ఊహించిన వ్యాపారం మొత్తం, అసలు మొత్తంతో సరిగ్గా సమానమవ్వాలి. దిగుమతుల వైపూ అంతే. ఈ గుణం మిగతా పద్ధతులకు లేదని, స్ట్రక్చరల్ గ్రావిటీ సిద్ధాంతంతో పీపీఎంఎల్‌కు ఇది నేరుగా ముడిపడుతుందని ఫాలీ 2015లో చూపించాడు. మీ మొత్తాలు కలవకపోతే కోడ్‌లో ఎక్కడో వరుసలు రాలిపోయాయి, లేదా లెక్క ముగింపుకు చేరకుండానే ఆగింది.

సున్నాలు ఎక్కువైనప్పుడు సెపరేషన్ అనే చిక్కు కూడా వస్తుంది. ఉదాహరణకు ఒక ఒప్పందం డమ్మీ 1గా ఉన్న జంటలన్నిటిలోనూ ఆ సరుకు వ్యాపారం సున్నాయే అనుకుందాం. ఆ గుణకం ఎంత రుణాత్మకమైతే మోడల్ అంత బాగా అతుకుతుంది, కాబట్టి అది ఎక్కడా ఆగదు. పాత కమాండ్లు −18, −25 వంటి అర్థంలేని అంకె దగ్గర అలసిపోయి నిలబడేవి. కొరేయా, గిమరాయిష్, జిల్కిన్ రాసిన `ppmlhdfe` ఇలాంటి వరుసలను ముందే పట్టుకుని పక్కకు తీస్తుంది. `fepois` అన్నీ సున్నాలే ఉన్న ఫిక్స్‌డ్ ఎఫెక్ట్‌లను తీసేసి ఆ సంగతి తెరమీద రాస్తుంది. ఆ సందేశాన్ని చదవండి, మిగిలిన వరుసల సంఖ్యను పట్టికలో రాయండి.

ఏళ్ల తరబడి డేటాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రభావం కొలవాలంటే జంట ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ కూడా కావాలి, `absorb(exporter#year importer#year pair)` అన్నమాట. అందులో వచ్చే ఫలితం కొందరిని ఆశ్చర్యపరుస్తుంది. అన్ని ఏళ్లూ సున్నాగా ఉన్న జంటలు లెక్కలోంచి వాటంతట అవే పోతాయి. కష్టపడి నింపిన సున్నాల్లో చాలా భాగం ఇలా వెళ్లిపోతుంది. మిగిలేవి ఒక ఏడాది ఉండి ఇంకో ఏడాది లేని జంటల సున్నాలే, సున్నాల్లో ఒప్పందం ప్రభావం గురించి సమాచారం ఉన్నదీ వాటిలోనే. ఈ మూడు రకాల ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ ఉన్నప్పుడు దేశాల సంఖ్య తక్కువైతే గుణకంలో కొద్దిపాటి పక్షపాతం మిగులుతుందని, క్లస్టర్ స్టాండర్డ్ ఎర్రర్లు అసలు కన్నా చిన్నవిగా కనిపిస్తాయని వైడ్నర్, జిల్కిన్ 2021లో తేల్చారు. స్టేటాలో `ppml_fe_bias` దాన్ని సవరిస్తుంది. ముప్పై నలభై దేశాల ప్యానెల్ అయితే ఆ సవరణ వేసి రెండు అంకెలూ చూపించండి. ఒప్పందం గుణకం అంచుమీద గణనీయంగా ఉన్నప్పుడు ఫలితం నిలుస్తుందా పోతుందా అన్నది అక్కడే తేలుతుంది.